ఫ్లాటులో నాలుగు కాళ్ళ సభ్యురాలు

మద్రాసులో స్థిరపడ్డ మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఒకప్పుడు కుక్కను పెంచడం పెద్ద విషయం కాదు. పెరంబూరు రైల్వే క్వార్టర్సులోనూ, పాత కోడంబాకం ఇళ్ళలోనూ గేటు ఉండేది, జామచెట్టు ఉండేది, దాని కింద ఒక కుక్క ఉండేది. మిగిలిన చారన్నం దానికి, కాపలా మనకి. దానికి లైసెన్సు ఏమిటో, టీకా ఏమిటో ఎవరికీ పట్టేది కాదు. ఇప్పుడా ఇళ్ళన్నీ అపార్టుమెంట్లయ్యాయి. జామచెట్టు చోట లిఫ్టు వచ్చింది, లిఫ్టు పక్కన నోటీసు బోర్డు వచ్చింది.

మేముండేది పెరంబూరులో ఐదంతస్తుల భవనంలో, నాలుగో అంతస్తు. నలభై ఫ్లాట్లు, రెండు లిఫ్టులు. తమిళులు ఎక్కువ, తెలుగు ఇళ్ళు ఆరు, మళయాళీలు ఇద్దరు, ఒక మార్వాడీ కుటుంబం. 2023 జూలైలో వానకు తడిసి మా వీధి మలుపులో వణుకుతున్న ఆడ కుక్కపిల్లను మా అమ్మాయి చీర కొంగులో చుట్టి తెచ్చింది. నొసట తెల్లమచ్చ ఉంది కాబట్టి ‘చుక్క’ అన్నాం. జాతి కుక్క కాదు, అచ్చమైన ఊరకుక్క. ఈ రెండేళ్ళ పైచిలుకులో దాని పేర మా ఇంట ఒక ఫైలు తయారయింది. ఆ ఫైలులో ఏ కాగితం ఎందుకుందో, అది ఏ రోజున ఎలా అక్కరకొచ్చిందో మీతో చెప్పుకోవాలని ఈ వ్యాసం.

మొదటి కాగితం - టీకాల పుస్తకం

పిల్లను తెచ్చిన మర్నాడే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పళ్ళు చూసి ఏడు వారాల పిల్ల అన్నారు. తూకం వేసి, దానికి తగ్గట్టు నులిపురుగుల మందు పట్టించారు. కుక్కపిల్లల్లో చాలామటుకు తల్లి కడుపులోనో తల్లిపాలతోనో ఈ పురుగుల్ని వెంట తెచ్చుకుంటాయి. పొట్ట ఉబ్బుగా ఉండి, ఎంత తిన్నా ఒళ్ళు పట్టకపోతే మొదట అనుమానించవలసింది దీన్నే. మూడు నెలలు నిండేవరకు పదిహేను రోజులకోసారి, ఆ తర్వాత ఆరు నెలలదాకా నెలకోసారి, అటు తర్వాత మూడు నెలలకోసారి ఈ మందు వేయమన్నారు.

టీకాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఎక్కువమంది మొదటి సూదితో పని అయిపోయిందనుకుంటారు. చుక్కకు ఎనిమిదో వారంలో ఒకటి, పన్నెండో వారంలో ఒకటి, పదహారో వారంలో ఒకటి వేశారు. ఒకే మందు మూడుసార్లు ఎందుకని మావారు అడిగితే డాక్టరుగారు ఇలా చెప్పారు. తల్లిపాలతో వచ్చిన రక్షణశక్తి పిల్ల ఒంట్లో కొన్ని వారాలు ఉంటుంది. అది ఉన్నంతకాలం టీకా మందును కూడా శత్రువుగా భావించి కొట్టేస్తుంది. అది ఎప్పుడు తగ్గుతుందో ఒక్కో పిల్లకు ఒక్కో రకం, కంటికి కనబడదు. అందుకని మూడు నాలుగు వారాల ఎడంతో మళ్ళీ మళ్ళీ వేస్తారు. వాటిలో ఏదో ఒకటి సరైన సమయంలో పడుతుంది. పదహారు వారాలు దాటాక వేసే చివరి సూది చాలా ముఖ్యం. దాన్ని ఎగ్గొడితే ముందు వేసినవి పనిచేశాయో లేదో చెప్పలేం.

ఆ చివరి సూది పడి రెండు వారాలయ్యేదాకా పిల్లను వీధి నేల మీద దించలేదు. పార్వో అనే జబ్బు భయం అలాంటిది. ఆ వైరసు మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది, మన చెప్పులకు అంటుకుని కూడా ఇంట్లోకి వస్తుంది. ఆడుతున్న పిల్ల ఉన్నట్టుండి ముడుచుకుని పడుకుని, వాంతులు చేసుకుని, నెత్తుటి విరేచనాలు దుర్వాసనతో మొదలైతే పెరుగన్నం పెట్టి చూద్దామని ఒక పూట ఆగకూడదు. ఒంట్లో నీరు పోయి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. సెలైను ఎక్కించేచోటికి ఆ గంటే వెళ్ళాలి.

పిచ్చికుక్క వ్యాధికి, అంటే రేబిస్‌కు, టీకా వేరు. దాన్ని మూడు నెలలు నిండాక వేసి, నెల తర్వాత మరొకటి, ఆపైన ఏటా ఒకటి వేయిస్తున్నాం. టీకా వేసినప్పుడు మందుసీసా మీది చిన్న చీటీని పుస్తకంలో అంటించి, తేదీ వేసి, డాక్టరు సంతకమూ రిజిస్ట్రేషను నంబరూ ఉన్న ముద్ర వేయాలి. ఈ మూడూ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ముద్ర లేని పుస్తకం తర్వాత ఏ ఆఫీసులోనూ చెల్లదు.

పశువైద్యుణ్ణి ఎంచుకోవడంలో మేం చూసుకున్నది రెండే. తూకం వేయకుండా మందు రాసేవారి దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు. కుక్కకు మందు మోతాదు కిలోల లెక్కన ఉంటుంది, వయసు లెక్కన కాదు. రెండోది, రాత్రివేళ ఎక్కడికి వెళ్ళాలో ముందుగానే అడిగి ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. మద్రాసులో ఉన్నవారికి ఒక అదృష్టం, వేపేరిలోని పశువైద్య కళాశాల. 1903లో మొదలైన ఈ కళాశాల ఆసుపత్రిలో ఖర్చు తక్కువ, స్కానింగు మొదలు ఆపరేషను దాకా అన్నీ ఒకేచోట. వరస పెద్దదే కాబట్టి ఉదయమే వెళ్ళాలి. కార్పొరేషనువారి పెంపుడు జంతువుల చికిత్సాలయం మాకు దగ్గరలోనే తిరు.వి.క. నగర్‌లో ఉంది.

రెండో కాగితం - ఆపరేషను సర్టిఫికెట్టు

ఆడకుక్క ఆరు నెలల నుంచి ఏడాది లోపు మొదటిసారి ఎదకు వస్తుంది. ఆపైన ఇంచుమించు ఏడాదికి రెండుసార్లు. సొంత ఇల్లయితే అదొక రకం. అపార్టుమెంటులో ఆ మూడు వారాలూ గేటు ముందు అరడజను మగకుక్కలు కాపలా కాస్తాయి, రాత్రంతా కొట్లాట. వాచ్‌మన్‌కు నిద్ర ఉండదు, మనకు మర్యాద ఉండదు. ఇరుగుపొరుగుతో గొడవ ఇక్కడే మొదలవుతుంది.

అంతకన్నా పెద్ద కారణం గర్భాశయానికి చీము పట్టే జబ్బు. ఆపరేషను చేయించని ఆడకుక్కలకు నడివయసు దాటాక ఇది తరచుగా వస్తుంది. ఎద అయిపోయిన కొన్ని వారాలకు కుక్క అదేపనిగా నీళ్ళు తాగడం, తిండి మానడం, వాంతులు, వెనక నుంచి చీము కారడం దీని గుర్తులు. ఒక్కోసారి చీము బయటికి రాదు, లోపలే నిండుతుంది. అది ఇంకా ప్రమాదం. పొట్ట పెద్దదవుతుంటే ముసలితనం కొవ్వు అనుకుని ఊరుకుంటారు. అప్పుడు చేసే ఆపరేషను ప్రాణాపాయంతో చేసేది. ఆరోగ్యంగా ఉన్న పడుచు కుక్కకు చేసేది ఆ రోజు సాయంత్రమే ఇంటికి పంపేది. చుక్కకు ఏడో నెల నిండాక చేయించాం. పది రోజులు కుట్లు నాకకుండా మెడకు గరాటా కట్టాం. గోడలకు కొట్టుకుంటూ తిరిగింది గానీ పుండు శుభ్రంగా మానింది.

2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం పెంపుడు జంతువుకు నులిపురుగుల మందు, టీకాలు, ఈ ఆపరేషను చేయించే బాధ్యత యజమానిదే. కనుక ఆ సర్టిఫికెట్టు కూడా ఫైలులో పెట్టుకోవడం మంచిది.

మూడో కాగితం - లైసెన్సు

మద్రాసు కార్పొరేషను హద్దుల్లో కుక్కను పెంచేవారు లైసెన్సు తీసుకోవాలి. జాతి కుక్కలకే అనుకుంటారు కొందరు. కాదు, వీధి నుంచి తెచ్చుకున్న చుక్కకూ కావాలి. మేం 2024లో ఇంట్లోంచే కంప్యూటరులో దరఖాస్తు చేశాం. యజమాని ఫొటో, చిరునామా రుజువు, కుక్క ఫొటో, రేబిస్ టీకా సర్టిఫికెట్టు కావాలి. కుక్క ఫొటోలో ముఖమూ ఒంటి రంగూ తెలియాలి. మావారు మొదట పంపుదామన్న ఫొటోలో సోఫా తప్ప చుక్క కనబడలేదు! అప్పట్లో రుసుము యాభై రూపాయలు, లైసెన్సు ఏడాదికి చెల్లుతుంది. టీకా గడువు దాటిపోతే లైసెన్సు ముందుకు నడవదు. అందుకని రెండూ ఒకే నెలలో పడేట్టు చూసుకున్నాం, ఒకటి గుర్తుంటే రెండోది గుర్తుంటుంది.

2025లో దీనికి మైక్రోచిప్పు కూడా తోడైంది. ఆ ఏడాది చివరలో, లైసెన్సు లేని పెంపుడు కుక్కకు 5,000 రూపాయల జరిమానా అని కార్పొరేషను ప్రకటించింది. చిప్పు అనగానే మా ఎదురింటి మామి, ‘అయితే అది ఎక్కడ తిరుగుతోందో టీవీలో కనబడుతుందా?’ అని అడిగారు. అలాంటిదేమీ కాదు. బియ్యపు గింజంత గాజు గొట్టం అది. మెడ కింద, రెండు భుజాల నడుమ చర్మం అడుగున సూదితో ఎక్కిస్తారు. దానికి బ్యాటరీ లేదు, తిరిగే చోటు చెప్పదు. చదివే యంత్రం దగ్గరగా పెట్టినప్పుడు మాత్రం పదిహేను అంకెల నంబరు చూపిస్తుంది. ఆ నంబరుతో యజమాని పేరూ ఫోనూ జతపడి ఉండాలి. ఇల్లు మారి, ఫోను మార్చి, రికార్డులో మార్పించకపోతే ఆ చిప్పు ఉన్నా లేనట్టే. చిప్పు వేయించుకున్న రోజే డాక్టరుగారి యంత్రంతో ఒకసారి చదివించి, తెర మీది అంకెలూ సర్టిఫికెట్టు మీది అంకెలూ సరిచూసుకోండి.

ఇతర ఊళ్ళలో ఉన్న మన పాఠకులకు ఒక మాట. రుసుము, దరఖాస్తు పద్ధతి ఏ మునిసిపాలిటీకి ఆ మునిసిపాలిటీ వేరు. నియమాలు మారుతూ ఉంటాయి కూడా. 2018లో బెంగుళూరు కార్పొరేషను ఫ్లాటుకు ఒకే కుక్క అని ఉత్తర్వు ఇచ్చి, నిరసనలు రాగానే కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. ఎవరో చెప్పింది కాక, మీ ఊరి ఆఫీసు కాగితం చూసి నడుచుకోవడం ఉత్తమం.

లిఫ్టులో జరిగిన సంగతి

2025 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మావారు చుక్కను పట్టీతో కిందికి తీసుకెళ్తున్నారు. రెండో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే అక్కడి ఆరేళ్ళ పిల్లవాడు చేతిలో మురుకుల పొట్లంతో ఒక్క ఉదుటున లోపలికి దూకాడు. చుక్క పొట్లం కోసం ముందుకాళ్ళు ఎత్తింది. గోరు పిల్లవాడి మోచేతికి గీసుకుంది. కరవలేదు, నెత్తురు రాలేదు. కాని చర్మం గీరుకుపోయి ఎర్రటి చార పడింది. పిల్లవాడు ఏడ్చాడు, తల్లి హడలిపోయింది. ఏ తల్లయినా అంతే.

ఇక్కడ ఏం చేయాలో అందరికీ తెలిసి ఉండాలి. వెంటనే ధారగా పడే కుళాయి నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి పదిహేను నిమిషాలు. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. మావారు వాళ్ళింట్లోనే నిలబడి కడిగించారు. ఆ తల్లి, ‘మీ కుక్కకు సూది వేశారు కదా అంకుల్, ఇంక వీడికి అక్కర్లేదేమో’ అంది. అక్కర్లేదనడానికి మనం ఎవరం? కుక్కకు టీకా ఉన్నా సరే, చర్మం గీసుకుంటే మనిషి ఆసుపత్రికి వెళ్ళవలసిందే. నెత్తురు రాని గీరుడుకు టీకాలు చాలు. నెత్తురు వస్తే గాయం చుట్టూ వేసే మరో మందు కూడా కావాలి. ఏది కావాలో డాక్టరు నిర్ణయిస్తారు. మేమే వాళ్ళను ఆటోలో గవర్నమెంటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఆ రోజు ఒకటి, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు అని చీటీ రాసి ఇచ్చారు.

అక్కడి డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, కుక్క ఎవరిది, టీకా పుస్తకం ఉందా అని. రెండోది, పది రోజులు దాన్ని కనిపెట్టి ఉండగలరా అని. రేబిస్ ఉన్న కుక్క చొంగలో ఆ వైరసు కనబడటం మొదలైన పది రోజుల లోపల కుక్క జబ్బుపడి చనిపోతుంది. పది రోజుల తర్వాత కూడా అది మామూలుగా తింటూ తిరుగుతూ ఉంటే, గీసిన రోజున దానిలో అంటించే శక్తి లేదని అర్థం. వీధికుక్క అయితే ఈ కనిపెట్టడం సాధ్యం కాదు. మావారు రోజూ ఉదయం రెండో అంతస్తుకు వెళ్ళి, ‘ఇవాళ కూడా గిన్నె ఖాళీ చేసింది’ అని చెప్పి వచ్చేవారు. ఆ పది రోజులూ ఆ తల్లికి ఎంత భారంగా గడిచాయో ఆమె ముఖంలోనే కనబడేది. పదకొండో రోజున పశువైద్యుడి చేత చుక్కను పరీక్ష చేయించి, ఆరోగ్యంగా ఉందన్న చీటీ నకలు ఆమెకు ఇచ్చాం.

నోటీసుకు జవాబు

ఇంతలో ఎనిమిదో రోజున అసోసియేషను నుంచి నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో కుక్కను భవనం నుంచి తీసేయాలి, ఇకపై ఏ ఫ్లాటులోనూ పెంపుడు జంతువులు ఉండకూడదని కమిటీ తీర్మానం చేసిందట. మా అమ్మాయి ఆ రాత్రి అన్నం తినలేదు. మా మరిది గుంటూరు నుంచి ఫోను చేసి, ‘మా తోటలో వదిలెయ్యండి వదినా, ఎందుకొచ్చిన తంటా’ అన్నాడు. పెంచిన జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరమని అతనికి తెలియదు.

ఆ చట్టం వెనక మన మద్రాసు చరిత్ర ఉంది. కళాక్షేత్ర రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో 1953లో ప్రవేశపెట్టిన బిల్లుతో మొదలైన ప్రయత్నమే 1960లో చట్టమైంది. దాని కింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డు ఆమె ఆధ్వర్యంలోనే పనిచేయడం ప్రారంభించింది. చాలా ఏళ్ళు దాని ప్రధాన కార్యాలయం మద్రాసులోనే ఉండేది. ఈ బోర్డు 2015 ఫిబ్రవరిలో అపార్టుమెంట్ల పెంపుడు కుక్కల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిలో మాకు అవసరమైనవి ఇవి. మెజారిటీ ఉన్నా, అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నా అసోసియేషను పెంపుడు జంతువుల్ని నిషేధించలేదు. చిన్న జాతి కుక్కలే ఉండాలని, మొరుగుతోంది కాబట్టి తీసేయాలని అనలేదు. లిఫ్టు వాడకూడదని గానీ, అందుకు వేరే రుసుము కట్టమని గానీ అనకూడదు. అయితే రెండు లిఫ్టులు పనిచేస్తుంటే ఒకదాన్ని కుక్కలున్నవారికి కేటాయించవచ్చు. అదే కాగితంలో మనకూ బాధ్యతలున్నాయి. బయట పట్టీతో నడిపించాలి, మలం మనమే ఎత్తి శుభ్రం చేయాలి, మొరుగుడు ఇతరులకు బాధ కాకుండా, ముఖ్యంగా రాత్రివేళ, చూసుకోవాలి.

2021లో కేరళ హైకోర్టు కూడా, ఫ్లాటువాసులు పెంపుడు జంతువుల్ని ఉంచుకోకుండా అడ్డుకునే బైలా నిబంధనలు చెల్లవని తీర్పు చెప్పింది. అది మన రాష్ట్రపు కోర్టు కాకపోయినా వాదనకు బలమే. అద్దెకున్నవారి సంగతి మాత్రం కొంత వేరు. ఇంటి ఓనరుతో రాసుకున్న ఒప్పందంలో కుక్కల మాట ఉందేమో సంతకానికి ముందే చదువుకోవాలి. కుక్క ఉందని చెప్పి, దాన్ని ఒప్పందంలో రాయించుకోవడం మేలు.

చట్టం మన వైపు ఉందని బోర్డు ముందు నిలబడి గట్టిగా అరిస్తే రేపు అదే లిఫ్టులో కలిసి వెళ్ళవలసింది ఆ మనుషులతోనే. అందుకని మావారు నోటి జవాబు చెప్పకుండా ఒక పేజీ ఉత్తరం రాశారు. నోటీసు తేదీ, జరిగిన సంగతి ఉన్నదున్నట్టు, పిల్లవాడి చికిత్స వివరం. దానికి జతగా టీకా పుస్తకం, ఆపరేషను సర్టిఫికెట్టు, లైసెన్సు, పశువైద్యుడి చీటీ, బోర్డు మార్గదర్శకాల నకళ్ళు. చివర మేమే నాలుగు షరతులు రాశాం. వెనకవైపు లిఫ్టే వాడతాం. అందులో పిల్లలెవరైనా ఉంటే ఎక్కకుండా తర్వాతిదాకా ఆగుతాం. లిఫ్టులోనూ మెట్లమీదా పట్టీని మూరెడుకు కుదించి పట్టుకుంటాం. భవనం ఆవరణలో కుక్కను మలమూత్రాలకు వదలం. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద సెక్రటరీ సంతకం చేయించుకుని ఫైలులో పెట్టుకున్నారు.

సమావేశంలో వాదనలు జరిగాయి. ఒకాయన, ‘కరిస్తే ఎవరిది బాధ్యత?’ అన్నారు. న్యాయమైన ప్రశ్న. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన జంతువు వల్ల మనుషులకు హాని జరగకుండా జాగ్రత్త పడని యజమానికి ఆరు నెలలదాకా జైలో, అయిదు వేలదాకా జరిమానానో, రెండూనో పడవచ్చు. బాధ్యత మాదేనని మావారు అక్కడే ఒప్పుకున్నారు. ఆ తర్వాత లేచింది రెండో అంతస్తు పిల్లవాడి తల్లి. ‘రోజూ వచ్చి చెప్పారు. కుక్కను పంపించమని నేను అడగలేదు. నా పిల్లవాడు లిఫ్టులో ఉండగా అది ఎక్కకుండా ఉంటే చాలు’ అంది తమిళంలో. నిషేధం మాట తీర్మానంలోంచి పోయింది. మేం రాసిన నాలుగు షరతులే, ఇంకో ఇంట్లో ఉన్న కుక్కకు కూడా వర్తించేట్టు, పోస్టుడబ్బాల పక్కన అతికించారు.

ఇంకా మిగిలింది మొరుగుడు

సమావేశంలో మరో ఫిర్యాదు వచ్చింది. మేం లేనప్పుడు చుక్క గంటల తరబడి అరుస్తోందని పక్కింటివారు అన్నారు. మేమున్నప్పుడు అది నోరెత్తదు కాబట్టి మాకు తెలియదు. మా అమ్మాయి సెల్‌ఫోనును రికార్డింగులో పెట్టి హాల్లో ఉంచి, మేం గంటసేపు బయటికి వెళ్ళాం. విన్నాం. తలుపు మూసిన మూడు నాలుగు నిమిషాలకు మొదలై, ఆగకుండా ఏడ్పులాంటి అరుపు. ఇదొక రకం. ఎవరో మెట్లెక్కినప్పుడు మాత్రం మొరిగి ఊరుకునేది వేరే రకం. దానికి తలుపు వైపు చూపు తగలకుండా కర్టెను కట్టి, ఫ్యానో రేడియోనో పెడితే చాలావరకు తగ్గుతుంది. మొదటి రకం భయం వల్ల వచ్చేది. తిడితే పెరుగుతుంది.

డాక్టరుగారు చెప్పినట్టు చేశాం. రోజూ పది పదిహేనుసార్లు చెప్పులు వేసుకుని, తాళంచెవి తీసుకుని, వెళ్ళకుండా మళ్ళీ కూర్చున్నాం. చెప్పులు అంటే ఒంటరితనం అనే లెక్క దాని బుర్రలోంచి పోవాలి. తర్వాత ఒక నిమిషం బయట నిలబడి వచ్చాం. అది తొణక్కుండా ఉంటే రెండు, తర్వాత ఐదు, పది. అరుపు మొదలవకముందే తిరిగి రావడం ఇందులో కిటుకు. ఒక రోజు పదిహేను నిమిషాలకు అరిస్తే మర్నాడు పది నిమిషాలకు తగ్గాం. వెళ్ళేముందు అరగంట నడిపించి, గుడ్డ మడతల్లో దాచిన మేత ఇచ్చి వెళ్ళేవాళ్ళం. రెండు గంటలదాకా నిశ్శబ్దంగా ఉండటానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఇంట్లో ఎవరో ఒకరు ఉండేట్టు పెళ్ళిళ్ళూ పేరంటాలూ పంచుకున్నాం. కొన్ని కుక్కలకు ఇది ఒక్కటే చాలదు, మందులు కూడా కావలసి వస్తాయి. అది పశువైద్యుడు చూసి చెప్పవలసిన మాట. ఇప్పుడు పక్కింటావిడే మేం ఊరెళ్తే చుక్క ఎలా ఉందని అడుగుతున్నారు.

ఈ ఫైలు మా బీరువాలో రేషను కార్డు పక్కన ఉంటుంది. టీకా పుస్తకం, ఆపరేషను సర్టిఫికెట్టు, లైసెన్సు, చిప్పు నంబరు, సెక్రటరీ సంతకం ఉన్న ఉత్తరం, నాలుగు షరతుల నకలు. కుక్కను తెచ్చుకోవాలని ఎవరైనా మమ్మల్ని సలహా అడిగితే ముందు ఈ ఫైలు చూపించి, ఆ తర్వాతే చుక్కను చూపిస్తాం. ఎందుకంటే చుక్కను ముందు చూస్తే ఫైలు చదవడానికి ఎవరికీ ఓపిక ఉండదు.